దుప్పటి రెండో కొస

ఆ లాండ్రీలో ఆమెను అందరూ రేడియో అక్క అనేవారు. చాటున కాదు, ఎదురుగానే అనేవారు, ఆమె పలికేది కూడా. నోట్లో నువ్వుగింజ నానని మనిషికి అంతకంటే తగిన పేరు ఎవరికీ తట్టలేదు. గంజి తొట్టె దగ్గర పనిచేసేవాళ్ళలో ఎవరికి సంబంధం కుదిరింది, ఆఫీసులో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, ఏ హోటలు తువ్వాలు ఎవరి ఇంట్లో తేలింది, అన్నీ మధ్యాహ్నం భోజనాల వేళకి ఆమె బల్ల దగ్గర ప్రసారమైపోయేవి. గుసగుస మాత్రం ఆమెకి చేతకాదు. చెవి దగ్గర వంగి రహస్యం చెబితే, గేటు దగ్గరున్న కాపలా మనిషి "నిజమా అక్కా?" అని కేకేసేవాడు.

ఆమె పని చిరుగుల విభాగంలో. ఆసుపత్రుల నుంచి, హోటళ్ళ నుంచి వచ్చే దుప్పట్లు, దిండు గలీబులు ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి పంపడం ఆ లాండ్రీ వ్యాపారం. చిరిగినవి ఆమె బల్ల మీదికి వస్తాయి. ఆమె కుడుతుంది, కుడుతూ మాట్లాడుతుంది. రెండిట్లో ఏది ఆపినా రెండోది కూడా ఆగిపోతుందని మేనేజరు నమ్మకం, అందుకే ఎప్పుడూ ఏమీ అనలేదు.

అలాంటి మనిషిని లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే కమిటీకి అధ్యక్షురాలిని చేశారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ కుర్చీలో పెద్ద హోదాలో ఉన్న ఆడమనిషి కూర్చోవాలని చట్టం. ఉన్నవాళ్ళలో ఆమే పెద్ద. ఆమెతోపాటు ఆఫీసు గుమాస్తా, ఇస్త్రీ విభాగంలో ఒకావిడ, బయటి నుంచి ఒక వకీలమ్మ సభ్యులు. ఏళ్ళ తరబడి ఒక్క ఫిర్యాదూ రాలేదు. అప్పుడప్పుడు సమావేశమై టీ తాగేవారు, బిస్కెట్లు తినేవారు, ఫిర్యాదులేవీ లేవని సంతకాలు పెట్టేవారు. ఫిర్యాదులు లేవంటే వేధింపులు లేవని మేనేజరు మురిసిపోయేవాడు. చెప్పుకోవాలంటే రేడియోకి చెప్పుకోవాలి, ఎవరు వస్తారు మరి?

కానీ ఒకమ్మాయి వచ్చింది.

చేరి ఏడాది దాటినా ఆమెను అందరూ ఇంకా కొత్తమ్మాయి అనే పిలుస్తున్నారు. మడతల విభాగం. చిరుగేమీ లేని దిండు గలీబు ఒకటి పట్టుకొచ్చి, రేడియో అక్క ఎదురుగా కూర్చుని, దాన్నే తిప్పి తిప్పి చూస్తూ ఉండిపోయింది.

"ఏమే, చిరుగెక్కడ?" అంది రేడియో అక్క.

"చిరుగు లేదక్కా. మీరు ఆ కమిటీలో ఉన్నారు కదా, అందుకని వచ్చాను."

రేడియో అక్క చేతిలో సూది ఆగింది. లేచి తలుపు వేసింది.

ఇక్కడ మడతల సంగతి కాస్త చెప్పాలి. పెద్ద దుప్పటిని ఒక్కరు మడతపెట్టలేరు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెరో రెండు కొసలూ పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, పొడవునా మడిచి, ఒకరి వైపు ఒకరు నడుస్తారు. ఒకరు తన కొసలు రెండోవాళ్ళ చేతికిచ్చి, వంగి కిందనున్న మడతని అందుకుంటారు. మళ్ళీ నడక, మళ్ళీ అందింపు. ఆ ఇద్దరినీ జోడీ అంటారు. జోడీ కుదిరితే చూపులు కూడా అక్కర్లేదు, చేతులే మాట్లాడుకుంటాయి. అక్కడ జోడీలు ఏళ్ళ తరబడి మారవు. ఎవరి జోడీని వాళ్ళే ఎంచుకోవడం ఆనవాయితీ, అందులో మేనేజరు కూడా వేలు పెట్టడు.

కొత్తమ్మాయికి జోడీగా మడతల మేస్త్రి తనే నిలబడ్డాడు. పని నేర్పిస్తానన్నాడు. నేర్చుకున్న తర్వాత కూడా జోడీ మారలేదు. కొసలు అందించేటప్పుడు వేళ్ళు పట్టుకుని వదలడు. "ఇంకాస్త దగ్గరికి రా, కొరకనులే" అంటాడు. ఫోనులో సందేశాలు. జవాబివ్వకపోతే మర్నాడు ఆ అమ్మాయి బల్ల మీదికి తడి ఆరని బరువు దుప్పట్లే వస్తాయి.

ఇదంతా విని రేడియో అక్క నోటి నుంచి ఊడిపడ్డ మొదటి మాట ఇది: "మేస్త్రీనా? నాతో పన్నెండేళ్ళు జోడీగా ఉన్నాడే! ఒక్కసారి కూడా ఇలా..."

నిజమే. చిరుగుల బల్లకి మారకముందు ఆమె మడతల్లోనే ఉండేది. అప్పుడే కొత్తగా చేరిన అతనికి దుప్పటి పట్టుకోవడం నేర్పింది ఆమే. తమ్ముడూ అంటుంది అతన్ని. అతని పెళ్ళికి ముందు వరసలో కూర్చుంది.

కొత్తమ్మాయి లేచి నిలబడింది. "అయితే వద్దులెండక్కా. గలీబు చిరిగిందనుకున్నా, చిరగలేదు" అంది.

రేడియో అక్క నాలుక కరుచుకుంది. నోటి దురదతో చాలాసార్లు చాలామందిని ఇబ్బంది పెట్టింది గానీ, ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. "కూర్చోమ్మా. నా నోటికి నా కంటే తొందరెక్కువ. నువ్వు చెప్పింది విన్నాను. అబద్ధమనీ అనను, నిజమనీ అనను. అది తేల్చడానికే ఆ కమిటీ ఉంది. నీకేం కావాలో చెప్పు" అంది.

"అతని ఉద్యోగం తీసెయ్యమని రాలేదక్కా. నాకు ఈ పని కావాలి. నా చేతులు నాకు కావాలి. అంతే."

రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలని చెప్పి, రాయడానికి సాయం కావాలా అని అడిగింది రేడియో అక్క. అమ్మాయి తనే రాసింది. ఆమె వెళ్ళగానే రేడియో అక్క వకీలమ్మకి ఫోన్ చేసింది.

"ముందుగా, ఇది మన నలుగురి మధ్యే ఉండాలి. పేర్లు, ఫిర్యాదులో ఏముంది, ఎవరు సాక్షులు, ఏదీ బయటికి పోకూడదు. మీ ఇంట్లో కూడా" అంది వకీలమ్మ.

"మా ఆయనకి కూడానా?"

"ముఖ్యంగా ఆయనకి."

రేడియో అక్క నిట్టూర్చింది. ఆ తర్వాత పన్నెండేళ్ళ జోడీ సంగతి చెప్పింది. చెప్పకుండా దాచడం తప్పని ఎవరూ చెప్పకుండానే ఆమెకి తట్టింది. వకీలమ్మ అది రాసుకుంది. "మంచి పని చేశారు, చెప్పేశారు. ఇద్దరికీ చెబుదాం. ఇద్దరిలో ఎవరికి అభ్యంతరమున్నా మీరు తప్పుకోండి. లేదంటే ఉండండి. కానీ అతను మీతో ఎలా ఉన్నాడన్నది ఈ అమ్మాయితో ఎలా ఉన్నాడో చెప్పదు. మీరు సాక్షిగానూ ఉండి తీర్పరిగానూ ఉండలేరు. ఆ పన్నెండేళ్ళని గది బయట చెప్పులతోపాటు వదిలి రావాలి."

కొత్తమ్మాయి అభ్యంతరం లేదంది. "మీ నోరు జారింది నా ముందే కదక్కా, ఇక దాచేదేముంది?" అంది. మేస్త్రి అయితే సంబరపడి సంతకం పెట్టాడు.

ఈలోగా మేనేజరు తన వంతు నిర్వాకం చేసేశాడు. పై అధికారిగా ఆయనకి తెలియజేయాల్సినంత మేరకు తెలియజేశారు. ఆయన మనిషి మంచివాడే, ఆ మంచితనంతోనే చిక్కు. మర్నాడు పొద్దున్నే కొత్తమ్మాయిని మడతల నుంచి తీసి, ఊరి అవతలి చివరనున్న బట్టలు తీసుకునే కౌంటరుకి మార్చేశాడు. "పాపం, దూరంగా ప్రశాంతంగా ఉంటుందని" అన్నాడు, మెచ్చుకుంటారేమోనని ఎదురుచూస్తూ.

"ఫిర్యాదు చేసినందుకు ఆమె రెండు బస్సులు మారి వెళ్ళాలా? ఆమె అడిగిందా?" అంది వకీలమ్మ.

"అడగలేదు."

"శిక్ష ఎవరికి పడినట్టు?"

మేనేజరు మొహం పిండిన తువ్వాలులా అయిపోయింది. అమ్మాయిని అడిగారు. తన బల్ల దగ్గరే ఉంటానని, విచారణ అయ్యేదాకా మేస్త్రి తన పై అధికారిగా ఉండకూడదని, తన పనికి మార్కులు వేయకూడదని రాసిచ్చింది. కమిటీ ఆ మేరకు సిఫారసు చేసింది. మేస్త్రిని అదే జీతంతో లారీలకి మూటలెక్కించే చోట పర్యవేక్షణకి పంపారు. ఇది శిక్ష కాదని, నేరం తేలినట్టు కాదని కాగితంలో స్పష్టంగా రాశారు. అప్పటికీ మేనేజరు ఊరుకోలేదు. "పిలిచి ఇద్దరి చేతా చేతులు కలిపించి సర్దుకోమంటే పోదా?" అన్నాడు.

గుమాస్తా తల పట్టుకున్నాడు. "సార్, గొడవంతా చేతులు కలపడం గురించే."

"రాజీ కావాలని అడిగితే ఆ అమ్మాయి అడగాలి. మనం నోటికందించకూడదు" అంది వకీలమ్మ.

మేస్త్రికి ఫిర్యాదు నకలు చేతికిచ్చారు. జవాబు రాయడానికి గడువిచ్చారు, తన తరఫు సాక్షులెవరో చెప్పమన్నారు. ఆ అమ్మాయితో దీని గురించి మాట్లాడకూడదని, ఎవరిచేతా మాట్లాడించకూడదని చెప్పారు. ఇదంతా చెప్పింది రేడియో అక్కే. చెప్పేటప్పుడు "మీరు" అంది. ఇన్నేళ్ళలో మొదటిసారి. ఫిర్యాదు చదివినప్పుడు కూడా చలించని మనిషి ఆ మాటకి తలెత్తి చూశాడు.

"అక్కా, నన్ను మీరంటావా?"

"ఈ గదిలో అందరూ మీరే" అంది ఆమె.

ఇంటి దగ్గర ఆమె అవస్థ చెప్పనలవి కాదు. వాళ్ళాయనది సైకిళ్ళ రిపేరు షాపు. ఆ షాపుకి వచ్చేవాళ్ళలో సగం మంది సైకిలు బాగానే ఉన్నా లాండ్రీ కబుర్ల కోసం వచ్చేవారు. ఒక్కసారిగా కబుర్లు ఆగిపోయేసరికి ఆయన కంగారుపడ్డాడు. భార్యకి జ్వరమేమోనని నుదురు పట్టుకు చూశాడు. తర్వాత టీ పెట్టిచ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన టీ పెట్టడం అదే మొదలు, అందులో పంచదార బదులు ఉప్పు పడింది.

"ఏమన్నా జరిగిందా అక్కడ?"

"పొద్దున చినుకులు పడ్డాయి."

"చినుకులు కాదే. లాండ్రీలో."

"లాండ్రీలో కూడా పడ్డాయి. రేకులు కారుతున్నాయి."

"నీ మొగుణ్ణి. నాకు చెబితే గోడకి చెప్పినట్టు కదా."

"ఆ గోడకి సైకిళ్ళు ఆనించి ఊరంతా నిలబడుతుంది" అని దుప్పటి ముసుగేసుకుంది. కడుపు ఉబ్బిపోతోంది. ముసుగులోపల దిండుకి కూడా చెప్పలేదు. తను నిద్రలో మాట్లాడతానేమోనన్న భయం అప్పుడు పట్టుకుంది, దాంతో నిద్ర కూడా పోయింది.

లాండ్రీలో మాత్రం కబురు పొక్కింది. ఏదో ఫిర్యాదు వచ్చిందని తెలిసింది, ఎవరి మీదో తెలియలేదు. ఖాళీ ఉన్నచోట జనం ఎవరినో ఒకరిని కూర్చోబెడతారు కదా. ఎవరో, ఆవిరి గదిలో పనిచేసే బాయిలర్ బాబాయ్‌ని కూర్చోబెట్టారు. పెళ్ళి లేని మనిషి, ఎవరి కళ్ళలోకీ చూడడు, ఆవిరి చప్పుడులో ఒక్కడే పాడుకుంటాడు, ఇంకేం కావాలి వాళ్ళకి? విచిత్రమేమిటంటే, బాబాయ్ తనే నమ్మేశాడు. చొక్కాకి పైదాకా బొత్తాలు పెట్టుకుని చిరుగుల గదికి వచ్చాడు.

"అమ్మా, ఒప్పుకుంటున్నాను" అన్నాడు.

"ఏం ఒప్పుకుంటున్నావ్ బాబాయ్?"

"ఏం చేశానో మీకే తెలుసు కదా. నాకు గుర్తు రావట్లేదు. పాట పాడినందుకా? అది పాత పాటమ్మా, అందులో అమ్మాయి కూడా లేదు, పడవ ఉంది. పోయినవారం గంజమ్మాయి జారిపడబోతే చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోకపోతే తొట్టెలో పడేది. తప్పయితే ఇకమీదట పడనిస్తాను."

రేడియో అక్కకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నీ మీద కాదు బాబాయ్ అనడానికి నోరు తెరిచి, మూసుకుంది. ఇతను కాదంటే అతను, అతను కాదంటే ఇంకొకడు, అలా ఒక్కొక్కరినీ తీసేస్తూ పోతే చివరికి మిగిలేది మేస్త్రే కదా? అతని మీద ఇంకా ఏదీ తేలలేదు. బయటికి వెళ్ళి వకీలమ్మకి ఫోన్ చేసి వచ్చింది.

"బాబాయ్, మిగతావాళ్ళ సంగతి నేనేమీ చెప్పను. నీ సంగతి ఒక్కటే చెబుతాను, ఇది నీలోనే ఉంచుకో. ఎవరి మీద ఫిర్యాదొచ్చినా దాని నకలు వాళ్ళ చేతికిచ్చి, జవాబడుగుతాం. అడక్కుండా ఎవరినీ ఏమీ అనం. నీ చేతికి ఏదైనా ఇచ్చామా?"

బాబాయ్ తన రెండు చేతులూ చూసుకున్నాడు. "లేదమ్మా."

"అయితే వెళ్ళి బాయిలర్ చూసుకో. ఎవరైనా పడబోతే పట్టుకో."

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "చెప్పుకునే అవకాశం ఇస్తారన్నమాట. మంచిదమ్మా" అన్నాడు. అతని గొంతులో అంత హాయిని ఆమె ఎప్పుడూ వినలేదు.

అయితే మేనేజరు చేసిన ఆ ఒక్కరోజు బదిలీ పుణ్యమా అని, మేస్త్రి మూటల దగ్గర కనబడటంతో, నాలుగు రోజుల్లో జనం సరిగ్గానే లెక్క కట్టేశారు. మేస్త్రి అంటే అక్కడ చాలామందికి ఇష్టం. సెలవులు ఇప్పించేవాడు, అప్పుడప్పుడు నవ్వించేవాడు. ఎవరూ కొత్తమ్మాయిని ఒక్క మాట అనలేదు. అంతకంటే సులువైన పని చేశారు. ఆమెకి జోడీగా ఎవరూ నిలబడలేదు.

రేడియో అక్క కుట్టిన గలీబులు ఇవ్వడానికి మడతల హాలులోకి వచ్చినప్పుడు అది చూసింది. ఆ అమ్మాయి డబుల్ దుప్పటి రెండు కొసలు పట్టుకుని నిలబడి ఉంది. మిగతా రెండు కొసలు నేలని ఊడుస్తున్నాయి. చుట్టూ అందరూ జోడీలుగా విదిలిస్తున్నారు, నడుస్తున్నారు, మడుస్తున్నారు. ఈమె బల్ల మీద మడవని గుట్ట మొహం దాకా పెరిగింది.

"ఒక్కదాన్నే చెయ్యలేనక్కా," అంది మెల్లగా. "సాయంత్రం వచ్చి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను. పని కూడా మానేస్తాను. అదొక్కటే నాకు కావాలనుకున్నాను, అదే పోతోంది."

రేడియో అక్క రక్తం మరిగిపోయింది. హాలు మధ్యకి వెళ్ళి నిలబడింది. విదిలింపుల చప్పుడు ఆగింది. ఇన్ని రోజుల తర్వాత రేడియో పలకబోతోందని అందరికీ తెలిసిపోయింది. మొహాలన్నీ ఇటు తిరిగాయి.

ఒక్క ప్రసారం చాలు. ఆ సందేశాల్లో ఒక్కటి చదివి వినిపిస్తే ఈ హాలంతా ఈ అమ్మాయి వెనకాల నిలబడుతుంది. ఆమెకి ఆ విద్య తెలుసు. కానీ రేపు మధ్యాహ్నానికి ఆ అమ్మాయి పడ్డ బాధ సైకిలు షాపులో కాలక్షేపమవుతుంది. పైగా మేస్త్రి ఇంకా నోరు విప్పి తన మాట చెప్పుకోలేదు. పాట పాడుకునే బాబాయ్‌కి ఇచ్చిన మాట ఇతనికి మాత్రం ఎందుకుండదు? నోరు తెరిచి ఉంది. అందరూ చూస్తున్నారు.

"ఈ దుప్పటికి రెండో కొస ఎవరు పడతారు?" అంది.

అంతే అంది. దానికి ముందూ లేదు, వెనకా లేదు. కొందరికి నిరాశ కలిగింది, ఇంకొందరు చేతుల్లో ఉన్న దుప్పటి వైపు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు. అప్పుడు ఆవిరి గది తలుపు తెరుచుకుంది, బాయిలర్ బాబాయ్ వచ్చాడు. అతనికి హాలులో ఏం జరుగుతోందో ఏమీ తెలియదు. ఒక మనిషికి సాయం కావాలన్నంత వరకు వినబడింది.

"నేను పడతానమ్మా."

"చేతులు!" అని అరిచింది రేడియో అక్క. మసి పట్టిన ఆ చేతుల్ని చూసి హాలంతా నవ్వింది. బాబాయ్ పరుగెత్తి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొచ్చాడు. మడతపెట్టడం అతనికి బొత్తిగా రాదు. నడవాల్సినప్పుడు నిలబడ్డాడు, నిలబడాల్సినప్పుడు నడిచాడు, మూడో మడతకి దుప్పటిలో తనే చుట్టుకుపోయాడు. కొత్తమ్మాయి నవ్వింది. ఫిర్యాదు ఇచ్చాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం ఆమె ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు.

ఆ రోజే కమిటీ మేనేజరుకి రాసింది. ఫిర్యాదు చేసిన మనిషిని వెలివేయడం కూడా కక్ష తీర్చుకోవడమేనని, మేనేజరు ఆపాలని. మేనేజరు ఈసారి ఆ అమ్మాయిని అడిగాకే అడుగు వేశాడు. జోడీలు ఇకనుంచి ఎవరికి వారు ఎంచుకునేవి కావు, రోజూ మారతాయి, అందరికీ అందరితో వంతు వస్తుంది, కాదన్నవాళ్ళు కారణం తనకి చెప్పాలి. ఏళ్ళ నాటి జోడీలు విడిపోయినందుకు కొందరు విడాకులంత గోల చేశారు.

విచారణకి గది దొరకడం పెద్ద తంటా అయింది. రేడియో అక్క గొంతుని ఆపే గోడ ఆ లాండ్రీలో లేదు. చివరికి బట్టలారబెట్టే యంత్రాల వెనకనున్న సామాన్ల గది కుదిరింది. అవి తిరుగుతున్నంతసేపూ బయటికి ఏమీ వినబడదు. ఆగగానే అన్నీ వినబడతాయి. అందుకని యంత్రం ఆగిన క్షణాన అందరూ వాన గురించి మాట్లాడాలని ఒప్పందం చేసుకున్నారు. రేకులు కారడం గురించి కమిటీ వేశారని బయట కొత్త వదంతి పుట్టింది. అది మాత్రం ఎవరూ ఖండించలేదు.

అమ్మాయిని, మేస్త్రిని వేర్వేరుగా పిలిచారు. అతను అడగదల్చిన ప్రశ్నలు రాసిచ్చాడు, కమిటీ వాటిని ఆమెని అడిగి జవాబులు రాసుకుంది. మేస్త్రి తన మాట చెప్పుకోవడానికి ఒక దుప్పటి చంకన పెట్టుకొచ్చాడు.

"మడతపెడితే వేళ్ళు తగులుతాయి మేడమ్. తగలకుండా ఎవరు మడతపెట్టగలరు? మీరే చూడండి."

"చూద్దాం" అంది వకీలమ్మ. అది అతని హక్కు. చీర కొంగు దోపుకుని ఒకవైపు తను పట్టుకుంది, రెండోవైపు గుమాస్తాని పట్టుకోమంది. గుమాస్తా అంకెలు తప్ప ఇంకేదీ చేత్తో ముట్టని మనిషి. విదిలించేసరికి కళ్ళజోడు ఎగిరి డబ్బాల మీద పడింది. ఇద్దరూ నడిచి దగ్గరికొచ్చేసరికి నుదుళ్ళు ఢీకొన్నాయి, వేళ్ళు చిక్కుబడ్డాయి.

"తగిలాయి! తగిలాయి!" అని గెంతాడు మేస్త్రి.

"తగిలాయి అని రాసుకుంటున్నాను" అంది వకీలమ్మ నుదురు రుద్దుకుంటూ. సరిగ్గా అప్పుడే యంత్రం ఆగింది.

"నిన్న వాన బాగా పడింది" అన్నాడు గుమాస్తా నేల మీద కళ్ళజోడు తడుముకుంటూ.

"పంటలకి మంచిది" అన్నాడు మేస్త్రి, ఆవేశంలోంచి బయటికి రాకుండానే. యంత్రం మళ్ళీ తిరిగేదాకా వానలో తడుస్తూ కూర్చున్నారు.

మేస్త్రి వాదన తీసుకెళ్ళి కొత్తమ్మాయి ముందు పెట్టారు. మడతలో వేళ్ళు తగులుతాయి, దీనికేమంటావని అడిగారు. ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు.

"తగిలినందుకు నేను ఫిర్యాదు రాయలేదు మేడమ్. రోజంతా తగులుతూనే ఉంటాయి. వదలనందుకు రాశాను."

రేడియో అక్క ఆ మాటని ఆమె అన్నది అన్నట్టే రాసుకుంది.

పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ, "కొరకనులే" అన్న మాట తన చెవులతో విన్నానంది. ఎవరు పిలిచారో, ఏమడిగారో బయట చెప్పొద్దని ఆవిడకి చెప్పి పంపారు. మేస్త్రి పిలిచిన సాక్షులిద్దరూ అతను మంచివాడన్నారు, ఆ బల్ల దగ్గర మాత్రం తాము లేమన్నారు. సందేశాలు చూపిస్తే, ఇంట్లో ఆవిడకి పంపబోయి పొరపాటున అటు వెళ్ళాయన్నాడు.

"'రేపు నీకు ఏ దుప్పట్లు రావాలో నీ చేతిలోనే ఉంది' అని మీ ఆవిడకి రాశారా?" అని అడిగింది వకీలమ్మ.

మేస్త్రి యంత్రం వైపు ఆశగా చూశాడు. అది ఆగలేదు.

నలుగురూ కూర్చుని ఒక్కొక్క ఆరోపణనీ విడిగా తూచారు. వేళ్ళు వదలకపోవడం, ఆ మాటలు, ఆ సందేశాలు, తడి దుప్పట్ల కక్ష తేలాయి. బస్సు స్టాపు దాకా వెంటపడ్డాడన్నది తేలలేదు. అతని ఇల్లు కూడా ఆ దారినే. తేలలేదంటే అమ్మాయి అబద్ధమాడిందని కాదని కూడా రాశారు. ఇద్దరికీ నకళ్ళిచ్చి, చెప్పుకునేదుంటే చెప్పుకోమన్నారు. నివేదిక అందుకున్న మేనేజరు మేస్త్రి హోదా తగ్గించాడు, ఆ ఏడాది జీతం పెంపు ఆపాడు, మడతల హాలుకి దూరంగా మూటల దగ్గరే ఉంచాడు, రాతపూర్వకంగా క్షమాపణ చెప్పించాడు. ఉద్యోగం ఉంది.

ఆ సాయంత్రం అతను చిరుగుల గదికి వచ్చాడు. తలుపు తెరిచే ఉంది, రేడియో అక్క తెరిచే ఉంచింది.

"నీకు తెలుసు కదక్కా. పన్నెండేళ్ళు. నీ చెయ్యి ఒక్కసారైనా పట్టుకుని వదలకుండా ఉన్నానా? ఆ ఒక్క ముక్క ఎందుకు చెప్పలేకపోయావ్?"

ఆమెకి జవాబు నాలుక చివరికి వచ్చేసింది. లేదు తమ్ముడూ, ఒక్కసారి కూడా లేదు. కొస అందగానే వదిలేసేవాడివి. ఎలా వదలాలో నీకు బాగా తెలుసు, నేనే నేర్పాను. ఆమె జీవితంలో ఇంత మంచి మాట ఎప్పుడూ తట్టలేదు. చెబితే ఊరంతా చెప్పుకునేది. ఆమె దాన్ని మింగేసింది.

"అప్పీలు చేసుకోవచ్చు. గడువు కాగితంలో రాసి ఉంది" అంది. అతను వెళ్ళాక గలీబులో మొహం దాచుకుని ఏడ్చింది. తమ్ముడనుకున్నవాడి కోసం ఏడవడానికి ఏ నియమమూ అడ్డం రాలేదు.

కొన్నాళ్ళకి మడతల్లో ఇద్దరు సెలవు పెడితే వంతుల కాగితంలో రేడియో అక్క పేరు కూడా పడింది. జోడీ కొత్తమ్మాయి. అప్పటికి ఆ హాలులో అందరూ ఆమెతో ఒక్కో వంతు మడతపెట్టేశారు, ఏ జోడీకీ చేతులు ఊడిపోలేదు. ఇద్దరూ నాలుగు కొసలు పట్టుకుని విదిలించారు. పక్క జోడీలు చెవులు రిక్కించాయి. రేడియో ఇప్పుడైనా పలుకుతుందని వాళ్ళ ఆశ.

"అక్కా, ఇంతకీ ఆ గదిలో ఏం జరిగింది?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"రేకులు కారుతున్నాయి" అంది రేడియో అక్క, గేటు దాకా వినబడేలా.

కొత్తమ్మాయి నవ్వాపుకుంటూ నడిచి వచ్చింది, ఆమె ఎదురు నడిచింది. మధ్యలో కలిశారు. వేళ్ళకి వేళ్ళు తగిలాయి. రేడియో అక్క కొసలు రెండూ ఆ అమ్మాయి చేతిలో పెట్టి, వదిలేసింది.